వేళకు తిరిగొచ్చే మెయిల్

నవంబరు నెలలో ఒక పెళ్లి పిలుపు మెయిల్లో వస్తుంది. విశాఖపట్నంలో పెళ్లి, 2026 మార్చి 8, ఆదివారం ఉదయం ముహూర్తం. మీరుండేది హైదరాబాద్‌లో. చదివారు, సంతోషించారు, వెళ్లాలని ఇంట్లో అనుకున్నారు కూడా. మరి ఆ మెయిల్‌ని ఇప్పుడు ఏం చేయాలి? రైలు టికెట్లు తీద్దామంటే బుకింగ్ ఇంకా మొదలవదు. తీసేద్దామంటే కల్యాణ మండపం చిరునామా అందులోనే ఉంది. అందుకని దాన్ని అలాగే ఉంచేస్తాం. వారం తిరిగేసరికి దాని మీద బ్యాంకు మెయిళ్లు, బిల్లులు, బట్టల షాపుల ఆఫర్లు వచ్చి పడతాయి. ఒకసారి చదివేశాం కాబట్టి దాని అక్షరాలు కూడా పలచబడి కనిపిస్తాయి. జనవరి చివర్లో ఎవరో ఫోన్ చేసి "టికెట్లు తీశారా?" అని అడిగినప్పుడు గుర్తొస్తుంది. అప్పటికి అన్ని రైళ్లలోనూ వెయిటింగ్ లిస్టు నడుస్తూ ఉంటుంది.

ఇలాంటి మెయిళ్ల కోసమే స్నూజ్ ఉంది. అలారం గడియారంలో స్నూజ్ అంటే మరో పది నిమిషాలు పడుకోవడం. మెయిల్లో దాని పని వేరు. మీరు చెప్పిన తేదీ, సమయం దాకా ఆ మెయిల్ ఇన్‌బాక్స్‌లో కనిపించదు. ఆ సమయానికి అప్పుడే వచ్చినట్టు అన్నిటికన్నా పైకి వచ్చి కూర్చుంటుంది. 2013లో మెయిల్‌బాక్స్ అనే ఫోన్ యాప్ ఈ పద్ధతిని చాలామందికి అలవాటు చేసింది. ఆ యాప్ తర్వాత మూతపడింది కానీ పద్ధతి మిగిలింది. 2018లో జీమెయిల్లోకి కూడా వచ్చింది. ఇప్పుడు కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి ఏ మెయిల్ వరస మీద మౌస్ పెట్టినా కుడిచివర చిన్న గడియారం బొమ్మ కనిపిస్తుంది, అదే స్నూజ్. ఫోన్‌లో అయితే మెయిల్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కితే Snooze అని ఉంటుంది.

నొక్కగానే కొన్ని సమయాలు తయారుగా కనిపిస్తాయి. రేపు అంటే రేపు ఉదయం 8 గంటలు. వచ్చే వారం అంటే సోమవారం ఉదయం 8 గంటలు. ఎక్కువమంది ఈ రెండిట్లో ఒకటి నొక్కి ఊరుకుంటారు. అక్కడే ఈ పద్ధతి పాడవుతుంది. ఎందుకంటే పెళ్లి పిలుపు రేపు ఉదయం తిరిగొచ్చినా మీరు చేయగలిగింది ఏమీ లేదు. మళ్లీ రేపటికి తోస్తారు. నాలుగు రోజులు అలా తోశాక ఆ మెయిల్ కనిపించగానే చదవకుండానే తోసేయడం చేతికి అలవాటైపోతుంది. అసలు రోజు వచ్చినప్పుడు కూడా అదే జరుగుతుంది. అందుకే నేను ఆ తయారు సమయాల జోలికి పెద్దగా పోను. వాటి కింద ఉండే Pick date & time నొక్కి తేదీ, గంట నేనే పెడతాను.

ఏ తేదీ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. చాలామంది ఆఖరి గడువు తేదీ పెడతారు, లేదా తమకు తీరిక దొరికే రోజు పెడతారు. రెండూ సరికావు. ఆ మెయిల్లోని పనికి ఇప్పుడు అడ్డున్నది ఏమిటో చూడాలి. ఆ అడ్డు ఏ రోజు తొలగుతుందో ఆ రోజు పెట్టాలి. ఉద్యోగులకు ఆదాయపు పన్ను రిటర్న్ సంగతే తీసుకోండి. ఏప్రిల్‌లోనే గుర్తుచేస్తూ మెయిళ్లు మొదలవుతాయి. జీతం మీద కోసిన పన్నుకు ఫారం 16 చేతికి రాకుండా రిటర్న్ వేయడానికి కూర్చుని లాభం లేదు. దాన్ని యజమాని జూన్ 15 లోపు ఇవ్వాలి. రిటర్న్‌కు గడువు సాధారణంగా జులై 31. ఆ మెయిల్‌ని జులై 30కి స్నూజ్ చేస్తే కంగారు తప్ప ఏమీ మిగలదు. జూన్ 16కి చేస్తే, ఫారం వచ్చి ఉంటే ఆ రోజే కూర్చోవచ్చు, రాకపోతే ఆఫీసులో అడగడానికి అదే సరైన రోజు. ఎటు చూసినా ఆ రోజు చేయడానికి ఒక పని ఉంటుంది.

ఇప్పుడు పెళ్లి మెయిల్ దగ్గరికి వద్దాం. దాన్ని స్నూజ్ చేసే ముందు, అందులో ఈ రోజే చేయాల్సినది ఏమైనా ఉందేమో చూడాలి. ఉంది. "తప్పకుండా వస్తున్నాం" అని పిలిచినవాళ్లకు జవాబు రాయాలి. దానికి మార్చి దాకా ఆగనక్కర్లేదు. ఆ జవాబు పంపేశాక మిగిలేవి ప్రయాణం పనులు.

పెళ్లి ఆదివారం ఉదయం కాబట్టి శుక్రవారం, మార్చి 6 సాయంత్రం హైదరాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి శనివారం ఉదయం విశాఖలో దిగాలని అనుకున్నారు. ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం. రైల్వేలో ముందస్తు రిజర్వేషన్ 2024 నవంబరు 1 నుంచి 60 రోజులకు తగ్గింది. అంతకుముందు 120 రోజులు ఉండేది. ప్రయాణం రోజును వదిలేసి 60 రోజులు వెనక్కి లెక్కపెట్టాలి. మార్చిలో 5 రోజులు, ఫిబ్రవరిలో 28, జనవరిలో 31 నుంచి వెనక్కి 27 రోజులు. అలా జనవరి 5కి చేరతాం. అది సోమవారం. ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరుచుకుంటుంది. తిరుగు టికెట్‌కి ఇదే లెక్క వేస్తే జనవరి 7, బుధవారం వస్తుంది. గోదావరి మనం ఎక్కే ఊళ్లోనే బయలుదేరుతుంది కాబట్టి లెక్క ఇంత తేలిక. ముందు రోజు ఢిల్లీలో బయలుదేరి మర్నాడు విజయవాడ చేరే రైలైతే, విజయవాడలో ఎక్కేవాళ్లు కూడా ఢిల్లీలో అది బయలుదేరే తేదీ నుంచే లెక్కపెట్టాలి. అంటే బుకింగ్ ఒక రోజు ముందే తెరుచుకుంటుంది.

అయితే మెయిల్‌ని జనవరి 5 ఉదయం 8 గంటలకు స్నూజ్ చేస్తే సరిపోతుందా? సరిపోదు. ఆ నిమిషానికి పాస్‌వర్డ్ గుర్తులేకపోతే, ఖాతాకి ఆధార్ ధ్రువీకరణ జరగకపోయి ఉంటే, ప్రయాణికుల పేర్లు, వయసులు ఇంకా ఎక్కించకపోతే మెయిల్ వేళకు వచ్చినా పని ముందుకు సాగదు. ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతాలకే బుకింగ్ తెరిచిన తొలి సమయంలో అవకాశం ఇస్తున్నారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కాబట్టి మొదటి తేదీ జనవరి 3, శనివారం సాయంత్రం. ఆ రోజు మెయిల్ తిరిగిరాగానే లాగిన్ సరిచూసుకోవడం, పేర్లు ఎక్కించుకోవడం పూర్తిచేసి, అదే మెయిల్‌ని సోమవారం ఉదయం 7.40కి స్నూజ్ చేయాలి. సోమవారం వెళ్లే టికెట్ తీసి బుధవారం 7.40కి. బుధవారం తిరుగు టికెట్ తీసి మార్చి 5 సాయంత్రానికి. మండపం చిరునామా, కానుక, పెట్టె సర్దుకోవడం అన్నీ ఆ సాయంత్రం పనులు.

ఒక మెయిల్‌కి ఒకసారి ఒకే తేదీ పెట్టగలం. అది లోపంలా కనిపిస్తుంది కానీ దాన్నిబట్టే ఈ పద్ధతి నిలబడుతుందని నా నమ్మకం. మూడు నెలల పనులన్నీ నవంబరులోనే రాసిపెట్టుకోనక్కర్లేదు. తర్వాతి అడుగు ఒక్కటే ఏదో, అది ఎప్పుడో తెలిస్తే చాలు. ఆ అడుగు వేశాక దాని తర్వాతది తేలుతుంది.

టికెట్ మెయిల్‌ సంగతి కూడా చూడాలి. జనవరిలో అది వచ్చినప్పుడు మీకు దానితో పని లేదు. మార్చి 6 మధ్యాహ్నం పని ఉంది. అందుకే వచ్చిన వెంటనే ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి స్నూజ్ చేయండి. స్టేషన్‌లో నిలబడి, రెండు నెలల మెయిళ్లలో పీఎన్ఆర్ నంబరు కోసం వెతకాల్సిన అవసరం ఉండదు.

ఇక్కడ ఒక హద్దు గుర్తుంచుకోవాలి. స్నూజ్ చేసిన మెయిల్ చెప్పిన సమయానికి వస్తుంది కానీ సెకను లెక్కన రాదు. ఫోన్‌లో నోటిఫికేషన్ కొద్దిగా ఆలస్యం కావచ్చు, ఫోన్ మూగగా ఉండొచ్చు. 8 గంటలకు మొదలై నిమిషాల్లో అయిపోయే బెర్తుల కోసం అయితే అలారం కూడా పెట్టుకోవాలి. అలారం నిద్ర లేపుతుంది. స్నూజ్ అయిన మెయిల్ ఆ పనికి కావలసిన వివరాలన్నీ చేతికిస్తుంది. ఈ రెండూ ఒకదాని పని ఇంకొకటి చేయలేవు.

మెయిల్ వేళకు తిరిగొచ్చినా, దాన్ని ఎందుకు రమ్మన్నామో మర్చిపోవడం ఇంకో ఇబ్బంది. జీమెయిల్ దాన్ని ఇన్ని రోజుల కిందట స్నూజ్ చేశారని చూపిస్తుంది, కారణం మాత్రం చెప్పదు. "శుభలేఖ" అన్న శీర్షికతో జనవరి 3న ఒక మెయిల్ పైకొస్తే, అందులో ఆ రోజు చేయాల్సిన పనేమిటో ఎలా తెలుస్తుంది? దీనికి నేను వాడే ఉపాయం ఒకటుంది. మెయిల్‌ని నాకు నేనే ఫార్వర్డ్ చేసుకుంటాను. శీర్షిక మార్చి, అక్కడ పనినే రాస్తాను: "జన 5 ఉ. 8 – గోదావరి, మార్చి 6, నలుగురు". శీర్షిక మారితే జీమెయిల్ దాన్ని కొత్త మెయిల్‌గా చూస్తుంది. ఆ కొత్తదాన్ని స్నూజ్ చేసి, పాతదాన్ని ఆర్కైవ్‌లో పెడతాను. తిరిగొచ్చినప్పుడు తెరవకుండానే సంగతి అర్థమవుతుంది. అదే సంభాషణలో జవాబు రూపంలో గుర్తులు రాసుకోవాలని మాత్రం అనుకోవద్దు. పొరపాటున పెళ్లివారందరికీ వెళ్లిపోతుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మనకు వచ్చిన మెయిళ్లు. నిజానికి స్నూజ్ ఎక్కువగా పనికొచ్చేది మనం పంపిన మెయిళ్లకే. ఇంటి అప్పు తీరిపోయిన ఒకరి సంగతి ఊహించండి. 2026 ఏప్రిల్ 10న చివరి వాయిదా కట్టి, ఇంటి అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వమని బ్యాంకుకి మెయిల్ రాశారు. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా అసలు పత్రాలు ఇవ్వాలని, ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున చెల్లించాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఇది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అంటే ఇక్కడ గడువు బ్యాంకుది. మనం చేయాల్సిందల్లా ఆ గడువు దాటిందా లేదా అని చూసుకోవడం.

అలాంటప్పుడు పంపిన మెయిల్‌ని Sent లో తెరిచి, అక్కడే స్నూజ్ చేయాలి. తేదీ మే 11. ఏప్రిల్ 10కి 30 రోజులు కలిపితే మే 10, ఆదివారం వస్తుంది. మర్నాటికి గడువు దాటి ఉంటుంది, బ్యాంకులూ తెరిచి ఉంటాయి. ఆ లోపల బ్యాంకు అదే మెయిల్‌కి జవాబిస్తే సంభాషణ దానంతటదే ఇన్‌బాక్స్‌కి వచ్చేస్తుంది, మే 11 దాకా ఆగదు. కాబట్టి మీరు పెట్టిన ఆ తేదీ బ్యాంకు మౌనంగా ఉంటేనే పనికొస్తుంది. మే 11న అది పైకి వచ్చిందంటే ఎవరూ పలకలేదని అర్థం. అప్పుడు రాసే రెండో మెయిల్ మొదటిదానిలా ఉండదు. ఏప్రిల్‌లో "దయచేసి పత్రాలు ఇవ్వండి" అని రాశారు. ఇప్పుడు అప్పు తీరిన తేదీ, గడిచిన రోజులు, రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రస్తావించి అడగగలరు. పాత మెయిల్ కిందే ఉంటుంది కాబట్టి రుజువు కూడా అక్కడే ఉంటుంది.

రెండో మెయిల్ రాసేముందు ఒక్క పని చేయాలి. బ్యాంకులు చాలాసార్లు వేరే చిరునామా నుంచి, వేరే శీర్షికతో జవాబిస్తాయి. అలా వచ్చినది కొత్త మెయిల్‌గా పడుతుంది కానీ మీ పాతదానికి అతుక్కోదు. మీరు దాన్ని చూసీ చూడనట్టు వదిలేసి ఉండొచ్చు. కాబట్టి తిరిగొచ్చిన మెయిల్‌ని చూసి వెంటనే కోపగించుకోకుండా, బ్యాంకు పేరుతో ఒకసారి వెతికి అప్పుడు రాయాలి.

ఎవరైనా "పది పనిదినాల్లో చేస్తాం" అంటే కూడా తేదీ జాగ్రత్తగా లెక్కపెట్టాలి. అది పది రోజులు కాదు, మధ్యలో రెండు వారాంతాలు, ఒక పండగ వస్తే పదిహేను రోజులు. పది రోజులకే మెయిల్‌ని రమ్మని అడిగితే ఇంకా గడువులోపల ఉన్నవాళ్లని మీరు నిలదీసినట్టవుతుంది. అది మాటకు విలువ తగ్గిస్తుంది.

అన్ని మెయిళ్లూ స్నూజ్‌కి తగవు. తేదీ తెలియని వాటికి స్నూజ్ పెట్టకూడదని నా అభిప్రాయం. పోటీ పరీక్ష రాసినవాళ్లకి ఫలితాలు ఎప్పుడొస్తాయో తెలియదు. అలాంటి మెయిల్‌కి ఊహించి తేదీ పెడితే అది పదేపదే ఖాళీ చేతులతో వస్తుంది. ఫలితాలు వచ్చినప్పుడు కొత్త మెయిల్ ఎటూ వస్తుంది. అదే మిమ్మల్ని కదిలిస్తుంది. పాతదాన్ని ఆర్కైవ్‌లో పెట్టేయడమే మంచిది.

అసలు తేల్చుకోలేక వాయిదా వేసే మెయిళ్లు ఇంకో రకం. వీటిని గుర్తుపట్టడం తేలికే. ఒకే మెయిల్‌ని మూడోసారి స్నూజ్ చేస్తున్నారంటే, ప్రతిసారీ మధ్యలో ఏ అడుగూ వేయకుండానే తోస్తున్నారంటే, అడ్డు బయట లేదు. మనసులో ఉంది. బంధువు ఒకరు పెట్టుబడి పెట్టమని రాసిన మెయిల్‌కి తేదీ మార్చడం వల్ల ఏమీ తేలదు. "వీలుపడదు" అని రాయాలో, "వివరాలు పంపండి" అని రాయాలో ఆ రోజే నిర్ణయించుకోవాలి.

మన జిల్లా కార్యాలయాల్లో ఈ సమస్యకు కాగితం రోజుల నుంచే ఒక ఏర్పాటు ఉంది. కొన్ని నెలల దాకా ఏ చర్యా అవసరంలేని ఫైలును గుమస్తా తన రోజువారీ లెక్కలోంచి తీసి కాల్ బుక్ అనే రిజిస్టరులో ఎక్కిస్తాడు. మళ్లీ ఎప్పుడు తీయాలో అందులో తేదీ రాస్తాడు. పై కోర్టులో కేసు తేలేదాకా ఆగాల్సిన భూమి ఫైలు ఇందుకు సరైన ఉదాహరణ. అయితే ఫైలు కాల్ బుక్‌లోకి పోగానే పెండింగ్ లెక్క తగ్గుతుంది. అందుకే చేయగలిగిన పనిని కూడా అందులోకి నెట్టాలని అనిపిస్తుంది. పై అధికారి ఆ రిజిస్టరును తరచూ తనిఖీ చేయాల్సింది ఇందుకోసమే. ఇన్‌బాక్స్ ఖాళీగా కనిపించాలన్న ఆశతో మనం చేసేదీ అదే. స్నూజ్ వల్ల పని తగ్గదు. అది కళ్ల ముందు నుంచి మాత్రం పోతుంది.

కాబట్టి ఆ తనిఖీ మనమే చేసుకోవాలి. జీమెయిల్లో ఎడమవైపు Snoozed అన్న చోట నొక్కితే దాచిన మెయిళ్లన్నీ, ఏది ఎప్పుడు వస్తుందో సహా కనిపిస్తాయి. వెతికే చోట ఇలా టైపు చేసినా వస్తాయి:

```
in:snoozed
```

ఆదివారం సాయంత్రం ఒకసారి ఈ జాబితా చూస్తే రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, అవసరం తీరిపోయినవి. ప్రయాణం రద్దయింది, అతిథి రావడం మానేశాడు, అలాంటివి అక్కడికక్కడే తీసేయొచ్చు. రెండోది, సోమవారం ఉదయం 8 గంటలకు ఎన్ని వస్తున్నాయో. ఒక పది మెయిళ్లు ఒకేసారి పడితే, వాటితోపాటు ఆ ఉదయం కొత్తగా వచ్చినవి చేరితే, ఏదీ కనబడదు. అక్కడే నాలుగింటిని మంగళ, బుధవారాలకు, వేరువేరు గంటలకు జరపండి. ఫోన్ చేసి మాట్లాడాల్సినదైతే పదకొండింటికి, ఇంట్లోవాళ్లతో కూర్చుని చూడాల్సినదైతే రాత్రి ఎనిమిదింటికి. ఆఫీసు తెరిచే వేళకి ముందే వచ్చిన మెయిల్ కూడా వేళకాని వేళ వచ్చినట్టే.

అన్ని యాప్‌లలోనూ ఇది ఒకేలా పనిచేయదు. ఔట్‌లుక్ కొత్త రూపంలో, వెబ్‌లో స్నూజ్ ఉంది. మెయిల్ Snoozed అన్న ఫోల్డరులోకి వెళ్లి సమయానికి ఇన్‌బాక్స్‌కి వస్తుంది. ఐఫోన్‌లోని మెయిల్ యాప్‌లో 2022 నుంచి Remind Me పేరుతో ఇలాంటి సౌకర్యమే ఉంది. అయితే జీమెయిల్ ఖాతాని వేరే యాప్‌లో పెట్టి చదువుతూ, ఒకరోజు అక్కడా ఒకరోజు ఇక్కడా స్నూజ్ చేస్తే రెండు వేర్వేరు జాబితాలు తయారవుతాయి. ఏదో ఒకచోట మాత్రమే చేయండి.

విదేశాల్లో పిల్లలున్న ఇళ్లవాళ్లకు ఇంకొక మాట. హైదరాబాద్‌లో కూర్చుని జనవరిలో ఒక ఉదయం 8 గంటలకు పెట్టిన స్నూజ్, మీరు డాలస్ వెళ్లి ఉంటే అక్కడ ముందు రోజు రాత్రి 8.30కి వస్తుంది. మన టికెట్ బుకింగ్, మన బ్యాంకు పనివేళలు మన దేశపు గడియారాన్నే అనుసరిస్తాయి కాబట్టి ఆ మెయిల్ నిజానికి సరైన క్షణానికే వచ్చింది. అక్కడి పనులకి, అంటే అక్కడి డాక్టరు అపాయింట్‌మెంట్‌కో బడి సమావేశానికో పెట్టుకున్నవి మాత్రం తప్పు వేళకి వస్తాయి. విమానం ఎక్కేముందు Snoozed జాబితా ఒకసారి తెరిచి, వాటి సమయాలు మాత్రం మార్చుకుంటే సరిపోతుంది.